ట్రేలో మూడు గింజలు, మూడు గడియారాలు

చిరంజీవి కావ్యకు, పెద్దమ్మ రాసేది.

నువ్వు ట్రేలో వేసిన మైక్రోగ్రీన్స్, అదే మొలిచిన వారం పది రోజులకే కోసి తినే లేత మొక్కల ఫోటో చూశాను. ఆవాలు ఒక్క ముద్దై ట్రేకి అతుక్కుపోయాయి. మెంతులు ఒక మూల మొలిచాయి, ఇంకో మూల మొలవలేదు. పొద్దుతిరుగుడు మొక్కలు నెత్తిన పొట్టు టోపీలతో నిలబడ్డాయి, వాటి కాళ్ల దగ్గర తెల్లగా ఏదో నూగు. "అన్నీ ఒకేసారి రాత్రంతా నానబెట్టి, ఒకే ట్రేలో మూడు వరుసలుగా వేశాను, ఎక్కడ తప్పు చేశాను పెద్దమ్మా" అని అడిగావు. నీ ప్రశ్నలోనే జవాబుందే. మూడింటినీ ఒకే గింజ అనుకున్నావు. నేనూ మొదటిసారి అచ్చం ఇలాగే చేశాను, కాబట్టి నిన్ను కోప్పడే హక్కు నాకు లేదు.

ముందు ఆవాల సంగతి చెప్తాను. ఆవాలను నానబెట్టకూడదు. తడి తగలగానే ఆవగింజ చుట్టూ జిగురు పొర ఊరుతుంది. గిన్నెలో గంటల తరబడి ఉంచితే అన్నీ ఒకదానికొకటి అంటుకుంటాయి, ఆ ముద్దను ట్రేలో సమంగా పరవడం ఎవరి తరమూ కాదు. అదే పొడి ఆవాలను తడిపిన మట్టి మీద చల్లితే ఆ జిగురే మేలు చేస్తుంది, గింజ పడ్డచోటే కదలకుండా అతుక్కుని ఉంటుంది. ఏ4 కాగితమంత ట్రేకి సుమారు 8 గ్రాములు చాలు, అంటే రెండు టీస్పూన్లు. ఉప్పు చల్లినట్టు కాస్త ఎత్తు నుంచి చల్లు. గింజకీ గింజకీ మధ్య మరో ఆవగింజ పట్టేంత సందు కనిపించాలి. ఒత్తుగా వేస్తే ఎక్కువ పంట వస్తుందనిపిస్తుంది, కానీ గాలి ఆడక కాడలు కిందనే కుళ్లిపోతాయి.

మెంతులకు నానబెట్టడం కావాలి, కానీ రాత్రంతా అక్కర్లేదు. ఆరు నుంచి ఎనిమిది గంటలు. ఎండలు ముదిరిన రోజుల్లో ఆరుకే ఆపేస్తాను, లేకపోతే నీళ్లు పులిసిన వాసన వస్తాయి. మెంతి నీళ్లూ కొంచెం జిగటగానే ఉంటాయి కాబట్టి జల్లెడలో పోసి, వేళ్ల మధ్య జారుడు తగ్గేదాకా రెండు మూడుసార్లు కడుగు. అదే ట్రేకి 25 గ్రాముల గింజలు సరిపోతాయి. నీ ట్రేలో ఒక మూల మొలవకపోవడానికి గింజ తప్పు కాకపోవచ్చు. ఆ మూల మట్టి మీద గింజ సరిగా ఆనలేదేమో. చల్లాక అరచేతితో తేలిగ్గా అదిమితే గింజ మట్టిని పట్టుకుంటుంది.

ఇక పొద్దుతిరుగుడు. దాని గురించే ఎక్కువ రాస్తాను, ఇబ్బందులన్నీ దానివే.

తినే గింజలు తెచ్చానన్నావు. పొట్టు తీసి వేయించినవి ఎన్నాళ్లు నీళ్లల్లో ఉంచినా మొలవవు, కుళ్లుతాయి. పొట్టు తీసిన పచ్చివి కొన్ని మొలుస్తాయి కానీ విరిగిన పప్పులు ఎక్కువగా ఉండి వాటి నుంచే బూజు మొదలవుతుంది. కాబట్టి పొట్టుతో ఉన్న పచ్చి గింజలే కావాలి, నల్ల పొట్టువైతే ఇంకా మంచిది. ఇంకొక్క మాట, ఇది మూడింటికీ వర్తిస్తుంది. పొలంలో విత్తడానికి అమ్మే విత్తనాలకు చాలాసార్లు బూజు మందు పట్టించి ఉంటారు. గులాబీ రంగో ఆకుపచ్చ రంగో పూసినట్టు కనిపిస్తాయి. ఒకసారి నాకు అలాంటి పొట్లం చేతికొచ్చింది. కడిగితే రంగు పోతుంది కదా అని నానబెట్టేశాను. నీళ్లు గులాబీగా మారాక తెలివొచ్చి మొత్తం పారేశాను. ఎనిమిది పది రోజుల్లో తినేదానికి ఆ మందు విత్తనం పనికిరాదు. పొట్లం మీద మందు పట్టించలేదని రాసి ఉందో లేదో చూసి తెచ్చుకో.

పొద్దుతిరుగుడు గింజ నీళ్లల్లో తేలుతుంది, పొట్టులో గాలి ఉంటుంది మరి. పైన ఒక చిన్న పళ్లెం బోర్లించి అన్నీ మునిగేలా చెయ్యి. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు నానాక నీళ్లు వంపేసి, జల్లెడలోనే తడిబట్ట కప్పి ఒక రోజు ఉంచు. ఉదయం, సాయంత్రం కడుగుతూ ఉండు. గింజ ముక్కు దగ్గర తెల్లటి వేరు మొన కనిపించగానే ట్రేలోకి మార్చు. మొలక మొన రానివి ఈ దశలోనే ఏరేస్తే సగం బూజు తగ్గినట్టే. ట్రేకి 60 గ్రాములు, గింజ పక్కన గింజ ఒకే పొరగా. ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు.

ఇప్పుడు బరువు పెట్టాలి. ఇది నువ్వు చెయ్యలేదు, అందుకే ఆ టోపీలు. గింజల మీద ఇంకో ట్రే బోర్లించకుండా నేరుగా ఉంచి, దాని మీద మూడు నాలుగు కిలోల బరువు పెడతాను. చదవని లావు పుస్తకాలు ఇందుకు భలే పనికొస్తాయి. మొలకలు నలిగిపోతాయేమోనని టెన్షన్ పడకు, మూడో రోజుకు అవే ఆ ట్రేను లేపుతాయి. బరువుని తోస్తూ పైకి రావడం వల్ల వేరు మట్టిలోకి గట్టిగా దిగుతుంది, కాడ లావెక్కుతుంది, పొట్టు చాలావరకు ఊడుతుంది. మిగిలిన టోపీలను ఎండినప్పుడు లాగితే ఆకు చిరుగుతుంది. సాయంత్రం పొట్టు మీద మాత్రం నీళ్లు స్ప్రే చేసి, పది నిమిషాలాగి, అరచేతిని మొక్కల మీదుగా దువ్వినట్టు అటూ ఇటూ పోనివ్వు. మెత్తబడ్డ పొట్టు టపటపా రాలుతుంది. ఆ పనయ్యాక గాలి తగిలే చోట ఉంచు.

మెంతులకు దీంట్లో మూడో వంతు బరువు చాలు. ఆవాలకు బరువే వద్దు, పైన ఏదైనా కప్పి చీకటి చేస్తే సరిపోతుంది. మొలకలు మూడు నాలుగు సెంటీమీటర్ల ఎత్తు రాగానే వెలుతురులోకి తియ్యి. అప్పటికి ఆకులు పాలిపోయి పసుపుగా ఉంటాయి, ఒక్క రోజులో పచ్చబడతాయి. కిటికీ పక్క వెలుతురు చాలు, మండే ఎండ వద్దు.

నీళ్ల విషయానికొస్తాను. కింద కన్నాలున్న ట్రే, దాన్ని కన్నాల్లేని ఇంకో ట్రేలో పెట్టు. మట్టి బదులు నేను కోకోపీట్, అంటే కొబ్బరిపీచు పొట్టు వాడతాను, రెండు మూడు సెంటీమీటర్ల మందం చాలు. పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార రాకూడదు. మొలిచేదాకా పైనుంచి స్ప్రే చెయ్యొచ్చు. వెలుతురులోకి తెచ్చాక పైన తడపడం మానెయ్. కింది ట్రేలో ఒక గ్లాసు పోసి, ఇరవై నిమిషాలాగి, తాగగా మిగిలింది పారబొయ్యి. ఎప్పుడు పొయ్యాలో తెలియాలంటే ట్రేని ఎత్తి చూడు. నీళ్లు తాగిన ట్రే బరువు ఒకసారి చేతికి తెలిస్తే, దాహం వేసిన ట్రే ఎత్తగానే తెలిసిపోతుంది.

నీ ఫోటోలో ఆ తెల్ల నూగు బూజు అవునో కాదో నాకు దూరం నుంచి తెలియదు, నువ్వే తేల్చుకోవాలి. ఒక్కసారి నీళ్లు స్ప్రే చెయ్యి. వేరు చుట్టూ బ్రష్‌లా, మధ్యలో దట్టంగా ఉండి, తడవగానే కనిపించకుండా పోతే అది వేరు నూగు. మొక్క దాంతోనే నీళ్లు తాగుతుంది, దాని జోలికి వెళ్లకు. సాలెగూడులా ఒక గింజ నుంచి ఇంకో గింజకు పాకుతూ, తడిపినా పోకుండా, ముక్కు దగ్గర పెడితే మగ్గిన వాసన వస్తే అది బూజు. చిన్న మచ్చగా ఉన్నప్పుడే ఆ చోటుని చుట్టూ రెండు వేళ్ల మేర మట్టితో సహా తీసెయ్యి, ఫ్యాన్ గాలి తగలనివ్వు. ట్రేలో మూడు నాలుగు చోట్ల కనిపిస్తే మాత్రం మొత్తం పారెయ్యడమే. కడిగి తినేద్దామని చూడకు.

మూడూ ఒకే రోజు కోతకు రావాలన్నావు కదా, పోయిన నెల నేను చేసిన లెక్క చెప్తాను. ఆదివారం కోత అనుకున్నాను. దానికి పదకొండు రోజుల ముందు, బుధవారం రాత్రి పొద్దుతిరుగుడు నానబెట్టాను. గురువారం అంతా జల్లెడలో ఉంచి శుక్రవారం ఉదయం ట్రేలో వేశాను. మెంతులను గురువారం రాత్రి పడుకునే ముందు నానబెట్టి, అదే శుక్రవారం పొద్దున్నే వేశాను. ఆవాలను మాత్రం ఆదివారం దాకా ముట్టుకోలేదు, వాటికి వారం రోజులే చాలు. వాతావరణం చల్లగా ఉంటే ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతుంది. అందుకే నేను రోజుల్ని లెక్కబెట్టినా చివరికి ఆకునే నమ్ముతాను. మూడింటికీ మూడు వేరే ట్రేలు పెట్టుకో, ఒకే ట్రేలో మూడు వరుసలంటే ఒకదానికి చీకటి కావాల్సినప్పుడు ఇంకోదానికి వెలుతురు కావాల్సొస్తుంది.

పొద్దుతిరుగుడును రెండు మందపాటి ఆకుల మధ్య మొగ్గలాంటి చిన్న మొలక కనబడగానే కోసెయ్యాలి. అది విచ్చుకుని నూగున్న అసలు ఆకులైతే గరగరలాడుతుంది, చేదెక్కుతుంది. మెంతికి మొదటి రెండాకుల తర్వాత ఒంటిగా ఒక గుండ్రటి ఆకు వస్తుంది, అది తొంగిచూస్తున్నప్పుడు కోత. ఆవాల ఆకు రెండు చెక్కల గుండె ఆకారంలో ఉంటుంది. అవి పూర్తిగా విప్పుకుని పచ్చబడితే చాలు. ఇంకా ఉంచితే ఘాటు పెరుగుతుంది. మీ పెదనాన్నకు ఆ ఘాటే ఇష్టం, అందుకే మా ఇంట్లో సగం ట్రే రెండు రోజులు ఆలస్యంగా కోస్తాను.

కోసే ముందు రోజు సాయంత్రం నుంచి నీళ్లు పొయ్యకు. ఉదయం చల్లపూటే, కడిగి తుడిచిన పదునైన కత్తెరతో, ఎడమ చేత్తో పిడికెడు మొక్కలు తేలిగ్గా పట్టుకుని, మట్టికి ఒక వేలెడు పైన కత్తిరించు. మొద్దు కత్తెర కాడను నలిపేస్తుంది, నలిగిన చోటే ముందు నల్లబడుతుంది. వెంటనే తినేవే కడుగు. దాచేవి కడగకుండా, పొడి కాగితం పరిచిన డబ్బాలో వదులుగా సర్ది ఫ్రిజ్‌లో పెట్టు. అలా ఐదారు రోజులుంటాయి, ఆవాలవి కాస్త ముందే వాడిపోతాయి.

కోసిన మొక్క మళ్లీ చిగురిస్తుందని ఎదురుచూడకు. ఆకులు పోయాక వీటికి మళ్లీ లేచే కణుపు మిగలదు. వేర్ల చాపను ట్రే నుంచి ఒకే ముక్కగా ఎత్తి తిరగేసి ఎరువు గుంతలో వెయ్యి. ట్రేలను సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక కొత్త కోకోపీట్‌తో మళ్లీ మొదలుపెట్టు. ఈసారి ఆవాలతో ఒక్క ట్రే వేసి చూడు, వారంలో తేలిపోతుంది. స్ప్రే చేశాక ఆ తెల్ల నూగు మాయమైందో లేదో రేపు ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ