“ఎందుకు” అని అడిగినా బట్టీ ప్రశ్నే అవుతుందా?

“నమస్తే సార్, మాది పర్లాకిమిడి, స్కూల్లో ఒడియా మీడియం, బరంపురంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేశా. ఆన్‌లైన్ కోచింగ్ వాళ్ళు తెలుగులో ప్రశ్నలు రాసే ఉద్యోగానికి టెస్ట్ పెట్టారు, ఒక లెక్చర్ ట్రాన్స్‌క్రిప్ట్ ఇచ్చి పది షార్ట్ ఆన్సర్ ప్రశ్నలు రాయమన్నారు. రాస్తే అన్నీ బట్టీ ప్రశ్నలే అని తిప్పి పంపి ఇంకో ఛాన్స్ ఇచ్చారు. సగం ప్రశ్నలు ‘ఎందుకు’ అనే అడిగాను కదా సార్, మరి తప్పెక్కడ? ట్రాన్స్‌క్రిప్ట్, నా ప్రశ్నలు పంపిస్తున్నా.”

రెండూ చదివానమ్మా. నీ నాలుగో ప్రశ్న చూడు, “ప్రెషర్ కుక్కర్‌లో అన్నం త్వరగా ఎందుకు ఉడుకుతుంది?” అన్నావు. ట్రాన్స్‌క్రిప్ట్‌లో సారు సరిగ్గా ఆ మాటే చెప్పాడు, ఆవిరి బయటికి పోదు, పీడనం పెరుగుతుంది, నీళ్ళు 100 దగ్గర కాకుండా 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి అని. Ctrl+F కొట్టి “కుక్కర్” అని వెతికితే జవాబు మొత్తం దొరికేస్తోంది, కాబట్టి ముందు “ఎందుకు” పెట్టినా అది గుర్తుందా లేదా అన్న ప్రశ్నే. ఎవరెస్ట్ మీద నీళ్ళు ఎంత దగ్గర మరుగుతాయి అన్నదైతే ఇక చెప్పక్కర్లేదు.

ఈసారి ట్రాన్స్‌క్రిప్ట్‌ని లైన్ బై లైన్ ప్రశ్నలుగా మార్చకు. పెన్ను పట్టుకుని సారు “అందుకే”, “కానీ”, “అనుకోండి”, “చాలామంది ఇక్కడ పొరపాటు పడతారు” అన్న చోటల్లా గీత పెట్టు, కారణం నడిచేది అక్కడే, మిగతాదంతా హాజరు పిలవడం, జోకులు, చెప్పిందే మళ్ళీ చెప్పడం. నేను గీస్తే నాలుగు ఐడియాలే తేలాయి. పది ప్రశ్నలు కావాలంటే ఒకే ఐడియాని రెండు మూడు వైపుల నుంచి అడగాలి, అంతేగానీ అంకెలు ఏరుకుని నింపకూడదు.

ఒకటి చేసి చూపిస్తా. సారు రెండు ముక్కలు వేరువేరు చోట్ల చెప్పాడు, ఒకటి ఎత్తుకి వెళ్తే గాలి పీడనం తగ్గి నీళ్ళు తక్కువ ఉష్ణోగ్రత దగ్గరే మరుగుతాయని, రెండోది మరుగుతున్నంతసేపు ఎంత వేడి ఇచ్చినా ఉష్ణోగ్రత పెరగదు, ఆ వేడంతా ఆవిరి అవ్వడానికే పోతుందని. ఈ రెండూ కలిపితేగానీ జవాబు రాని సందర్భం, ఆయన చెప్పనిది ఒకటి పట్టుకోవాలి. మనకి దగ్గర్లోనే ఉంది:

“కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ మూత లేని గిన్నెలో పప్పు ఎంతకీ ఉడకట్లేదని ఒకావిడ మంట పెద్దది చేసింది. నీళ్ళు అప్పటికే తెర్లుతున్నాయి. దీనివల్ల పప్పు త్వరగా ఉడుకుతుందా? కారణంతో రెండు వాక్యాల్లో రాయండి.”

ఎత్తు ఎంతో మనమే ఇచ్చేశాం చూశావా, అది ఇవ్వకపోతే ప్రశ్న ఫిజిక్స్ నుంచి జాగ్రఫీకి పోతుంది. లెక్చర్లో లేని సమాచారం ఏదైనా అవసరమైతే ప్రశ్నలోనే పెట్టాలి, లేని ఆలోచన మాత్రం అడగకూడదు.

ప్రశ్నతో పాటే కీ కూడా రాయి, చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు. దీనికి రెండు మార్కులు. అక్కడ పీడనం తక్కువ కాబట్టి నీళ్ళు 100 కంటే కాస్త తక్కువలోనే (97 దగ్గర) మరుగుతాయి అన్నదానికి ఒకటి, మంట పెంచినా ఉష్ణోగ్రత అక్కడే ఉంటుంది, నీళ్ళు తొందరగా ఇగిరిపోతాయంతే అన్నదానికి ఒకటి. వట్టి “ఉడకదు” అని రాస్తే సున్నా, ఎందుకంటే అవునా కాదా అన్నది గుడ్డిగా కొట్టినా సగం తగులుతుంది. “మంట పెరిగితే వేడి పెరుగుతుంది కదా, ఉడుకుతుంది” అనే జవాబు కూడా కీలో రాసిపెట్టు. వేడి, ఉష్ణోగ్రత ఒకటే అనుకునే పిల్లాడు రాసేది అదే, మంచి ప్రశ్న అలాంటి వాడిని బయటపెడుతుంది. నీకే తప్పు జవాబు ఎలా ఉంటుందో ఊహకి రాకపోతే ఆ ప్రశ్న ఇంకా తయారవ్వలేదని లెక్క.

నీ కుక్కర్ ప్రశ్నని కూడా పారెయ్యక్కర్లేదు, కొంచెం తిప్పు చాలు: “గ్యాస్కెట్ వదులై పక్కల నుంచి ఆవిరి అంతా పోతోంది, విజిల్ రావట్లేదు, లోపల నీళ్ళు మాత్రం మరుగుతున్నాయి. ఆ నీళ్ళ ఉష్ణోగ్రత 120కి దగ్గరగా ఉంటుందా, 100కా? ఎలా చెప్పగలవు?” ఇప్పుడు పాఠంలోని వాక్యం అప్పజెబితే జవాబు రాదు, మూత బిగించిందా లేదా అన్నది కాదు, పీడనం పెరిగిందా లేదా అన్నది చూడాలి.

పంపే ముందు ఇద్దరి చేత రాయించు. ఒకరు ఫిజిక్స్ చదవనివాళ్ళు, చేతిలో ట్రాన్స్‌క్రిప్ట్ పెట్టి వెతుక్కోమను, వాళ్ళు అందులోని లైన్ కాపీ కొట్టి రెండు మార్కులు తెచ్చేసుకుంటే ప్రశ్న మార్చు. ఇంకొకరు నీ క్లాస్‌మేట్, లెక్చర్ చూడకుండా రాయాలి, సబ్జెక్ట్ తెలిసినవాళ్ళకే “ఏం అడుగుతున్నావో అర్థం కాలేదు” అనిపిస్తే తప్పు నీ వాక్యంలో ఉంది. స్కూల్లో ఒడియా మీడియం కాబట్టి నీ వాక్యాలు అక్కడక్కడా పొడుగైపోతున్నాయి, సందర్భం ఒక వాక్యం, అడిగేది ఇంకో వాక్యంగా విడగొట్టు, “మరుగు స్థానం” లాంటి మాటలు సారు ఎలా పలికాడో అలాగే వాడు.

పదిలో రెండు గుర్తుపెట్టుకునే ప్రశ్నలు ఉంటే ఏం కొంపలు మునగవు, పిల్లలకి మొదలుపెట్టడానికి అవీ కావాలి. కాకపోతే వాటిని ముందే పెట్టి, పక్కన ఇది రీకాల్ అని నువ్వే రాసి పంపు, తేడా నీకు తెలుసని చూసేవాళ్ళకి అర్థమవుతుంది.