కోర్టు నిర్దోషి అంది, శాఖ ఉద్యోగం తిరిగి ఇస్తుందా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. నేను సబ్ పోస్టాఫీసులో పోస్టల్ అసిస్టెంట్‌ని. 17 ఏళ్ల సర్వీసు. 2021 ఆగస్టులో ఒక డిపాజిటర్ ఇచ్చిన 18,000 రూపాయలు పాస్‌బుక్‌లో రాసి, అకౌంటులో జమ చేయలేదని ఛార్జిషీటు ఇచ్చారు. "డబ్బు కట్టేసి ఒక లెటర్ రాసివ్వు, ఇక్కడితో అయిపోతుంది" అని ఇన్‌స్పెక్టర్ గారు అంటే నమ్మి రాసిచ్చాను, వడ్డీతో సహా కట్టాను. ఎంక్వైరీకి ఆ డిపాజిటర్ రానేలేదు. ఆవిడ ముందెప్పుడో ఇచ్చిన స్టేట్‌మెంటును ఇన్‌స్పెక్టర్ చేత ఎగ్జిబిట్ చేయించారు. ఉద్యోగం నుంచి తీసేసిన ఆర్డరు 2024 మార్చి 4న చేతికొచ్చింది. ఏప్రిల్ 10న అప్పీలు పెట్టాను, ఇప్పటికీ జవాబు లేదు. పోయిన నెల, 2025 జులైలో, కోర్టు నన్ను నిర్దోషిగా వదిలేసింది. "డబ్బు ఎవరి చేతికిచ్చానో గుర్తులేదు" అంది ఆవిడ కోర్టులో. ఇద్దరు ఆడపిల్లలు, మెడ దాకా అప్పులు. తీర్పు కాపీ జతచేసి శాఖకు దరఖాస్తు పెడితే ఉద్యోగం ఇస్తారా? కావాలంటే ఆవిడ అఫిడవిట్ కూడా ఇస్తానంటోంది.

జవాబు: ముందు తేదీ సంగతి. మీకు 2025 అక్టోబరు 10 వరకే గడువుంది. మీ అప్పీలు 45 రోజుల లోపే పడింది కాబట్టి అక్కడ పేచీ లేదు. అప్పీలు పెట్టి ఆరు నెలలైనా జవాబు రాకపోతే, ఆ ఆరు నెలలు ముగిసిన నాటి నుంచి ఏడాది లోపు కేంద్ర పరిపాలనా ట్రైబ్యునల్‌కు, అంటే క్యాట్‌కు వెళ్లాలి. 1985 నాటి పరిపాలనా ట్రైబ్యునళ్ల చట్టం 20, 21 సెక్షన్లు చెప్పేది అదే. మీ ఆరు నెలలు 2024 అక్టోబరు 10న ముగిశాయి. క్రిమినల్ తీర్పు వచ్చాక చూద్దామని కూర్చోవడం మీరు చేసిన పెద్ద పొరపాటు. అదృష్టం కొద్దీ తీర్పు గడువు లోపలే వచ్చింది. ఇంకో మూడు నెలలు ఆలస్యమై ఉంటే మీ ఫైలు తెరవకముందే ఆలస్యాన్ని ఎందుకు మాఫీ చేయాలో వాదించుకోవాల్సి వచ్చేది.

అందుకే శాఖకు దరఖాస్తు పెట్టి జవాబు కోసం ఎదురుచూసే ఆలోచన మానుకోండి. దరఖాస్తుల మీద దరఖాస్తులు పెట్టినంత మాత్రాన గడువు పెరగదని ఎస్.ఎస్. రాథోర్ కేసులో సుప్రీంకోర్టు 1989లోనే తేల్చింది. తీర్పు కాపీని అప్పీలు అధికారికి పంపండి, తప్పులేదు. కానీ ఆ రసీదు చూసుకుని ఆగిపోవద్దు.

ఇక అసలు విషయం. నిర్దోషిగా బయటపడ్డారన్నదాన్నే మీరు నమ్ముకుని కూర్చున్నారు. మీ కేసు గెలుపోటములు దాని మీద ఆధారపడి లేవు. ఎంక్వైరీ ఫైల్లోంచి డిపాజిటర్ స్టేట్‌మెంటును పక్కకు తీసేస్తే మీ మీద ఇంకేం సాక్ష్యం మిగులుతుంది? క్యాట్ చూసేది ఇదే.

క్రిమినల్ కోర్టులో నేరం సహేతుకమైన సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి. డబ్బిచ్చిన మనిషే గుర్తులేదన్నాక అక్కడ కేసు నిలవదు. శాఖాపరమైన విచారణలో అంత బరువు అక్కర్లేదు. ఆరోపణ నిజమయ్యే అవకాశమే ఎక్కువని సాక్ష్యం బట్టి అనిపిస్తే చాలు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ నుంచి వెళ్లిన శ్రీరామారావు కేసులో సుప్రీంకోర్టు 1963లో ఇదే చెప్పింది: క్రిమినల్ కేసు కొలబద్ద ఇక్కడ వర్తించదు, విచారణలో కొంతైనా సాక్ష్యం ఉంటే అది చాలా చాలదా అని కోర్టు తూకం వేయదు. కాబట్టి సాక్షి ఎదురు తిరిగినందువల్ల సంశయ లాభం కింద వచ్చిన మీ తీర్పు శాఖ చేతులు కట్టెయ్యదు. 2012 నాటి సముత్తిరం తీర్పు చదివితే మీకే అర్థమవుతుంది. అలాగని తీర్పును పారెయ్యొద్దు. చివర్లో "సంశయ లాభం" అన్న మాట కనబడినంత మాత్రాన దాన్ని తీసిపారేయకూడదనీ, తీర్పు మొత్తం చదివి అసలు ఏం తేలిందో చూడాలనీ రామ్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. క్యాట్ పిటిషన్‌లో దాన్ని రెండో వాదనగా వాడుకుందాం.

సాక్ష్య చట్టం ఎంక్వైరీకి వర్తించదు. అంతమాత్రాన ఏ కాగితం పెడితే అది సాక్ష్యమైపోదు. టి.ఆర్. వర్మ కేసులో 1957లో సుప్రీంకోర్టు గీసిన హద్దులు ఇప్పటికీ చెల్లుతాయి. ఎదుటి పక్షం సాక్ష్యం మీ సమక్షంలో నమోదు కావాలి, ఆ సాక్షిని ఎదురు ప్రశ్నలు అడిగే, అంటే క్రాస్ చేసే అవకాశం మీకు ఉండాలి, మీ సాక్ష్యం మీరు ఇచ్చుకోవాలి, మీకు చూపించని కాగితాన్ని మీ మీద వాడకూడదు. వీటిని దగ్గర పెట్టుకుని మీ ఫైల్లోని కాగితాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది డిపాజిటర్ స్టేట్‌మెంటు. ఆవిడ ఎంక్వైరీకి రాలేదు, మీరు ఆవిడను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఇన్‌స్పెక్టర్ చెప్పగలిగిందల్లా "ఆవిడ నాతో ఇలా అన్నారు" అనే. విన్న మాట ఎంక్వైరీలో పూర్తిగా నిషిద్ధం కాదని మీ శాఖ వకీలు తప్పకుండా రతన్‌సింగ్ కేసు తీస్తారు. అది 1977 నాటి బస్ కండక్టర్ కేసు. ప్రయాణికులను పిలవకపోయినా తనిఖీ ఇన్‌స్పెక్టర్ మాట సరిపోతుందని అందులో కోర్టు ఒప్పుకుంది. తేడా ఎక్కడంటే, ఆ ఇన్‌స్పెక్టర్ టిక్కెట్లు లేని ప్రయాణికులను తన కళ్లతో చూశాడు. మీ ఇన్‌స్పెక్టర్ డబ్బు చేతులు మారడం చూడలేదు. మీ పరిస్థితికి దగ్గరగా ఉన్నది 1998 నాటి కుల్‌దీప్ సింగ్ కేసు. కూలీలకు చేరాల్సిన డబ్బు కాజేశాడని ఒక కానిస్టేబుల్ మీద ఆరోపణ. కూలీలను పిలిపించే ప్రయత్నమే సరిగా చేయకుండా వాళ్ల పాత స్టేట్‌మెంట్లతో సరిపెట్టారు. దాన్ని సాక్ష్యం లేని తీర్మానంగా సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి విచారణలో ఏ రోజు ఏం జరిగిందో రాసే డైలీ ఆర్డర్ షీట్లు తీసి చూడండి: ఆవిడకు ఎన్నిసార్లు నోటీసు వెళ్లింది, అందినట్టు రుజువుందా, రాకపోతే విచారణాధికారి ఏం చేశారు? ఆ స్టేట్‌మెంటును ఎగ్జిబిట్ చేసిన రోజు మీరో మీ డిఫెన్స్ అసిస్టెంటో అభ్యంతరం చెప్పారా, అది రికార్డులోకి ఎక్కిందా? నోరు మూసుకుని సంతకం పెట్టి వచ్చి ఉంటే ఈ వాదన బలం సగానికి పడిపోతుంది.

రెండోది పాస్‌బుక్. అసలు పాస్‌బుక్ పోలీసుల దగ్గరుంటే ఎంక్వైరీలో జిరాక్స్ పెట్టి ఉంటారు. క్రిమినల్ కోర్టులో జిరాక్స్ చెల్లాలంటే అసలు ఎందుకు రాలేదో ముందు చెప్పాలి. ఎంక్వైరీలో అంత పట్టింపు లేదు. కానీ ఆ ఎంట్రీ చేతిరాత, పొట్టి సంతకం మీవేనని ఎవరైనా వచ్చి చెప్పాలి. అసలును చూడనివ్వండని మీరు రాతపూర్వకంగా అడిగి ఉంటే, వాళ్లు కాదని ఉంటే, అది మీకు మంచి బలం. బ్యాంకు డ్రాఫ్టుల పుస్తకం పోయిన రూప్‌సింగ్ నేగీ కేసులో సుప్రీంకోర్టు 2008 డిసెంబరులో చెప్పింది ఇదే: కాగితాలు దాఖలు చేసినంత మాత్రాన వాటిలోని విషయం రుజువైనట్టు కాదు, ఎవరో ఒకరు సాక్షిగా వచ్చి రుజువు చేయాలి.

మూడోది మీ లెటర్. మీ మెడకు చుట్టుకున్నది ఇదే. సాక్ష్య చట్టంలో పోలీసులకిచ్చిన ఒప్పుకోలు చెల్లదన్న నిబంధన ఇక్కడ మిమ్మల్ని కాపాడదు, పోస్టల్ ఇన్‌స్పెక్టర్ పోలీసు కాడు. రూప్‌సింగ్ నేగీ కేసులోనూ ఒప్పుకోలు ఉంది, కానీ అది పోలీసుల ముందు ఇచ్చింది. మీరు శాఖ అధికారికి రాసిచ్చారు, పైగా డబ్బూ కట్టారు. స్టేట్‌మెంటు ఎగిరిపోయినా ఈ రెండూ కలిసి "కొంతైనా సాక్ష్యం" అవుతాయి. ఎవరో మాటిచ్చారని నేరం ఒప్పుకుంటూ కాగితం రాసివ్వడం ఎంత ప్రమాదమో కౌంటర్లో కూర్చునే మీకు తెలియనిది కాదు. ఇప్పుడు తేలాల్సింది ఒక్కటే: ఆశ చూపిస్తే రాశానని మీరు మొదటిసారి ఎప్పుడు చెప్పారు? లెటర్ ఇచ్చిన కొద్ది రోజుల్లోనే పై అధికారికి రాశారా, లేక డిఫెన్స్ బ్రీఫ్‌లోనా? ఇన్‌స్పెక్టర్ సాక్షిగా వచ్చిన రోజు "కట్టేస్తే ఇక్కడితో అయిపోతుందని నువ్వు చెప్పలేదా" అని క్రాస్‌లో అడిగారా? అడిగి ఉంటే ఆయన జవాబు ఏదైనా సరే, వాదించడానికి పునాది ఉంటుంది. అడగకపోతే ఇప్పుడు కొత్తగా చెప్పేది క్యాట్ నమ్మదు.

ఇంకొకటి చూడాలి. మీరు సాక్షిగా బోనెక్కి ఉండకపోతే, మీకు వ్యతిరేకంగా ఉన్న సాక్ష్యాలపై విచారణాధికారి మిమ్మల్ని విడిగా ప్రశ్నించాలని 1965 నాటి సీసీఎస్ (సీసీఏ) రూల్స్, 14వ రూల్, 18వ సబ్‌రూల్ చెబుతుంది. మీ లెటర్ గురించి, కట్టిన డబ్బు గురించి ఆ రోజు అడిగారా అన్నది ఆ రోజు రికార్డులో ఉంటుంది. అడగకపోతే, దానివల్ల మీకు ఏ నష్టం జరిగిందో కూడా పిటిషన్‌లో చెప్పాలి. ఊరికే రూలు తప్పారంటే సరిపోదు.

అఫిడవిట్ జోలికి అస్సలు వెళ్లొద్దు. క్రాస్ చేయడానికి వీల్లేని డిపాజిటర్ కాగితం చెల్లదని ఒక పక్క వాదిస్తూ, అదే మనిషి దగ్గర్నుంచి అదే రకం కాగితం తెచ్చి మీరే చూపిస్తే మీ వాదనను మీరే కూల్చుకున్నట్టు. పైగా ఆవిడ కోర్టులో గుర్తులేదంది. ఇప్పుడు "డబ్బు ఇవ్వనేలేదు" అని రాస్తే పాస్‌బుక్ ఎంట్రీ ఎదురుగా ఉంటుంది. ఆవిడను అబద్ధపు సాక్ష్యం కేసులోకి, మిమ్మల్ని సాక్షిని ప్రభావితం చేశారన్న కొత్త ఆరోపణలోకి లాగుతుంది.

ఇప్పుడు చేయాల్సింది: ఛార్జి మెమో, డైలీ ఆర్డర్ షీట్లు అన్నీ, సాక్షుల వాంగ్మూలాలు, ఎగ్జిబిట్లు, మీ డిఫెన్స్ బ్రీఫ్, విచారణ నివేదిక, దాని మీద మీరిచ్చిన జవాబు, తొలగింపు ఆర్డరు, అప్పీలు కాపీ, అది అందినట్టు పోస్టల్ రసీదు, క్రిమినల్ తీర్పు సర్టిఫైడ్ కాపీ పోగు చేయండి. దొరకనివి దరఖాస్తు చేసి అడగండి కానీ వాటి కోసం ఆగొద్దు, సెప్టెంబరు లోపు క్యాట్‌లో పిటిషన్, అంటే ఓఏ, వేయండి. మీరు కేంద్ర ఉద్యోగి కాబట్టి ముందు హైకోర్టులో రిట్ వేయడం కుదరదు.

ఓఏలో తొలగింపు ఆర్డరు కొట్టేసి బకాయిలతో ఉద్యోగం ఇప్పించమని మొదటి కోరికగా, అది కుదరకపోతే డిపాజిటర్‌ను పిలిపించి ఆ దశ నుంచి విచారణ మళ్లీ జరపమని రెండో కోరికగా రాయించండి. రికార్డులో మీ అభ్యంతరాలు ఉండి, లెటర్ విషయం క్రాస్‌లో అడిగి ఉన్నా, ఇలాంటి కేసుల్లో ఎక్కువగా దక్కేది రెండోదే. అప్పుడు మీరు నేరుగా డ్యూటీలో చేరరు. తిరిగి విచారణ జరిగినన్నాళ్లు సస్పెన్షన్‌లో ఉన్నట్టే లెక్క, జీవనభృతి వస్తుంది. ఆ విచారణలో ఆవిడ వస్తే ఏం అడగాలో, ఇన్‌స్పెక్టర్‌ను ఏం అడగాలో ఈసారి ముందే కాగితం మీద రాసుకుని, మీ డిఫెన్స్ అసిస్టెంటుతో కూర్చుని చూసుకుని వెళ్లండి.