బావకు ఇంగ్లీషు మాట ఏది?

సందేహం: అయ్యా, నేను తెలుగు కథలను ఇంగ్లీషులోకి అనువదిస్తుంటాను. ‘బావ’ వచ్చిన ప్రతిచోటా కలం ఆగిపోతోంది. ‘కజిన్’ అని రాస్తే ఒక సంపాదకురాలు ‘బ్రదర్-ఇన్-లా’ అని దిద్దారు. ఇంకొకరు అదే తప్పన్నారు. ఏది సరి? మేనబావ, బావ ఒకటేనా? అసలు ‘మేన’ అంటే ఏమిటి?
— ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: మీ సంపాదకురాలూ, ఆమెను కాదన్నవారూ ఇద్దరూ సగం సగం ఒప్పే. ఆ రెండు సగాలనూ కలిపి కుట్టినా మాత్రం బావ రాడు.

మాట అర్థాన్ని విడదీసి, అందులో ఏయే ప్రశ్నలకు జవాబు దాగి ఉందో చూసే పద్ధతి ఒకటుంది. 1956లో వార్డ్ గుడెనఫ్, ఫ్లాయిడ్ లౌన్స్‌బరీ అనే అమెరికా మానవశాస్త్రవేత్తలు చుట్టరికపు మాటల మీద దీన్ని ప్రయోగించి చూపారు. ఘటక విశ్లేషణ అందాం. పేరు బరువుగా ఉన్నా పని తేలికే. ‘బావ’ అనగానే మనకు నాలుగు సంగతులు తెలిసిపోతాయి. మనిషి మగవాడు. మన తరం వాడు. మనకన్నా పెద్ద, లేదా మనకన్నా పెద్దవారి ద్వారా వచ్చినవాడు. నాలుగోదే కీలకం: అన్నదమ్ముల వరస వాడు కాదు, ఎదుటి వరస వాడు. అన్నదమ్ముల పిల్లలూ, అక్కచెల్లెళ్ల పిల్లలూ తమలో తాము అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ. ఒక అక్క పిల్లలూ ఆమె తమ్ముడి పిల్లలూ అయితే బావామరదళ్లు. నడుమనున్న తోబుట్టువుల జంటలో ఇద్దరూ మగవాళ్లా, ఇద్దరూ ఆడవాళ్లా, లేక ఒకరు ఆడా ఒకరు మగా అన్నదాని మీదే ఇదంతా నడుస్తుంది.

ఇంగ్లీషు ఈ నాలుగో ప్రశ్న ఎన్నడూ అడగదు. అది అడిగే మొదటి ప్రశ్న వేరు: రక్తమా, పెళ్లా? రక్తమైతే కజిన్, పెళ్లయితే బ్రదర్-ఇన్-లా. కజిన్ అన్నాక ఆడా మగా తెలియదు, పెద్దా చిన్నా తెలియదు, అన్న వరసో బావ వరసో అసలే తెలియదు. మన బావ ఆ రక్తమా పెళ్లా అన్న గీతకు అటూ ఇటూ కాలు వేసి నిలబడ్డాడు. మేనత్త కొడుకూ బావే, అక్క మొగుడూ బావే, చాలా ఇళ్లలో భర్త అన్నగారూ బావగారే. బ్రదర్-ఇన్-లాకు ఇంకో చిక్కు ఉంది. భార్య చెల్లెలి భర్తను కూడా వాళ్లలో చాలామంది ఆ మాటతోనే పిలుస్తారు. మనకు అతడు తోడల్లుడు, వరసకు తమ్ముడు. బావ ఎన్నటికీ కాడు. కాబట్టి ఒక మాట పెద్దదీ ఒక మాట చిన్నదీ కావడం కాదు ఇబ్బంది. రెండు భాషలూ ఒకే కుటుంబాన్ని వేర్వేరు చోట్ల కోశాయి.

దీనికి నాకు ఇష్టమైన ఉదాహరణ తిరుపతి వేంకట కవులది. పాండవోద్యోగంలో పడక సీను తెలియని తెలుగువాడు ఉండడు. కృష్ణుడు నిద్ర లేస్తాడు. కాళ్ల దగ్గర అర్జునుడు, తలాపిన దుర్యోధనుడు. దుర్యోధనుణ్ణి చూసి కృష్ణుడు అందుకుంటాడు: ‘బావా! ఎప్పుడు వచ్చితీవు? సుఖులే భ్రాతల్, సుతుల్, చుట్టముల్?’ పరిషత్తు నాటకాల్లో ఈ పద్యానికి ఎన్ని వన్స్‌మోర్‌లు పడ్డాయో! కానీ ఆ మొదటి మాట దగ్గర ఒక్కసారి ఆగండి. దుర్యోధనుడు కృష్ణుడికి బావ ఎట్లా అయ్యాడు?

రక్తం వెతికితే ఏమీ దొరకదు. కుంతి కృష్ణుడికి మేనత్త, ఆమె కొడుకులు రక్తబంధువులు. దుర్యోధనుడు గాంధారి కొడుకు. వసుదేవుడి ఇంటితో అతనికి ఆ దారిన సంబంధం లేదు. తెలుగు లెక్కలో చూడండి. పాండురాజు, ధృతరాష్ట్రుడు అన్నదమ్ములు. కాబట్టి దుర్యోధనుడు పాండవులకు పెదనాన్న కొడుకు, అంటే అన్నదమ్ముడు. బావకు అన్నదమ్ముడైనవాడు మనకు బావే. రెండో దారిన రండి. సుభద్ర అర్జునుడి భార్య. చెల్లెలి భర్తకు అన్న వరస అయినవాడు బావ. మళ్లీ అదే జవాబు. మూడోదారి భాగవతం చూపిస్తుంది: కృష్ణుడి కొడుకు సాంబుడు దుర్యోధనుడి కూతురు లక్షణను చేసుకున్నాడు. బావ కూతురు కోడలు కావడం మన వరసకు అచ్చంగా సరిపోయింది.

పెద్దా చిన్నా లెక్క కూడా తప్పలేదు. దుర్యోధనుడూ భీముడూ ఒకే రోజు పుట్టారని ఆదిపర్వం. భారతంలో కృష్ణుడు ధర్మరాజుకూ భీముడికీ నమస్కరిస్తాడు, అర్జునుణ్ణి కౌగిలించుకుంటాడు. అంటే భీముడి ఈడువాడైన దుర్యోధనుడు కృష్ణుడికన్నా పెద్ద. మగ, సమ తరం, పెద్ద, ఎదుటి వరస: నాలుగు ఘటకాలూ పొల్లుపోకుండా కుదిరాయి. కవులు కాగితం మీద లెక్క వేసి ఉండరు. తెలుగు ఇంట పుట్టినవారికి ఆ లెక్క నోట్లోనే ఉంటుంది.

ఈ పిలుపు సంస్కృతం నుంచి తెచ్చుకున్నది కాదు. సంస్కృతంలో భార్య సోదరుడు శ్యాలుడు, భర్త తమ్ముడు దేవరుడు, సోదరి భర్త భగినీపతి, మేనమామ కొడుకు మాతులేయుడు. అన్నీ విడివిడి మాటలు. వీళ్లందరినీ ఒక గూటికి చేర్చే మాట లేదు. మేనమామ కూతుర్ని, మేనత్త కూతుర్ని పెళ్లాడటం దక్షిణాది ఆచారమని ధర్మసూత్రకారుడు బౌధాయనుడు ప్రత్యేకించి చెప్పాడు. ఆ పెళ్లి ఏ ఇంట మామూలో ఆ ఇంట మేనత్త కొడుకునూ అక్క మొగుణ్ణీ ఒకే మాటతో పిలవడం సహజం, ఇద్దరూ ఒక్కడే కావచ్చు గనుక.

ఇప్పుడు ఆ పిలుపును ఇంగ్లీషు చేయండి. కజిన్ అంటే లేని రక్తాన్ని కలిపినట్టు. బ్రదర్-ఇన్-లా అంటే ఎవరి చెల్లెల్ని ఎవరు చేసుకున్నారని చదువరి వెతుక్కుంటాడు. పైగా ‘బావా’లో వేళాకోళానికి చనువుంది. యుద్ధసాయం అడగడానికి వచ్చినవాణ్ణి ఆ చనువుతో పలకరించడంలోనే కృష్ణుడి నేర్పు ఉంది. ఈ చనువు ఏ ఘటకంలోనూ దొరకదు. విశ్లేషణ మాటకు పొలిమేరలు చూపిస్తుంది, అంతవరకే దాని శక్తి.

ఇక ‘మేన’. మేను అంటే ఒళ్లు. మేన అందులోంచి వచ్చిందనీ, ఒంటి చుట్టరికమనీ అనడం పరిపాటి. నాకు అభ్యంతరం లేదు గాని, అక్కడితో ఆగితే సగమే చెప్పినట్టు. ఒంటి చుట్టరికం అన్నదే సంగతైతే మేనబాబాయి ఏడీ? మేనపెద్దమ్మ ఏదీ? నాన్న తమ్ముడిది మాత్రం అమ్మ తమ్ముడికన్నా తక్కువ రక్తమా?

మేన ఏ మాటల ముందు వస్తుందో చూడండి: మామ, అత్త, అల్లుడు, కోడలు, బావ, మరదలు. ఇవన్నీ పెళ్లి వల్ల కూడా వచ్చే వరసలు. మామ అంటే పిల్లనిచ్చినవాడు కావచ్చు, అమ్మకు తోబుట్టువు కావచ్చు. అల్లుడు కూతురి మొగుడు కావచ్చు, అక్క కొడుకు కావచ్చు. ఎక్కడ ఈ రెండర్థాలూ ఒకే మాటలో ఉన్నాయో అక్కడే తెలుగు ‘మేన’ తగిలించి, ఇతను పుట్టుకతోనే వచ్చినవాడు సుమా అని విడదీసింది. పిన్ని కూడా రెండు దారుల్లో వస్తుంది కదా, అమ్మ చెల్లెలూ బాబాయి భార్యా అని మీరు అడగవచ్చు. నిజమే. కానీ ఏ దారిన వచ్చినా పిన్ని తల్లి వరసే. అత్తగారి ఇంటి మాట అక్కడ రాదు. కాబట్టి మేన అక్కర లేకపోయింది. మేనమామ భార్యను అత్త అంటారే గాని, మాట తెలిసినవాళ్లు మేనత్త అనరు. అది కూడా నా వాదానికే బలం.

1953లో లూయీ డ్యూమోఁ అనే ఫ్రెంచి పండితుడు ద్రావిడ వరసలన్నీ పెళ్లి సంబంధాల భాషేననీ, మేనమామ అంటే మొదట తండ్రికి బావమరిది అనీ వాదించాడు. దుర్యోధనుడి విషయంలో ఆ మాట అక్షరాలా నిజమనిపిస్తుంది. కానీ పెళ్లి ఒక్కటే సర్వస్వమైతే తెలుగు పనిగట్టుకుని మేన అన్న ముక్కను కాపాడుకోవలసిన పని లేదు. కాబట్టి మీ రెండో ప్రశ్నకు జవాబు: మేనబావలందరూ బావలు, బావలందరూ మేనబావలు కారు.

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చేటప్పుడు బాధ తలకిందులవుతుంది. షేక్‌స్పియర్ హామ్లెట్‌లో తండ్రి చనిపోయాక తల్లి అతని సోదరుణ్ణే పెళ్లాడుతుంది. హామ్లెట్ వాళ్లను ‘అంకుల్-ఫాదర్’, ‘ఆంట్-మదర్’ అని ఎత్తిపొడుస్తాడు. తెలుగులో తండ్రి తమ్ముడు ఎలాగూ పినతండ్రి. అతని భార్య పినతల్లి. ఇంగ్లీషులో కత్తిలా దిగిన మాట మన దగ్గర రోజువారీ పిలుపై కూర్చుంటుంది. పైగా ఆ అన్నదమ్ములిద్దరిలో ఎవరు పెద్దో నాటకం చెప్పదు. అనువాదకుడు పెదతండ్రో పినతండ్రో తేల్చుకోక తప్పదు. నేనైతే ‘నన్ను కన్నతల్లే నాకు పినతల్లి అయింది’ అని తిప్పి చెబుతాను. మాట మారినా పోటు మిగులుతుంది.

మీరు చేయగలిగింది చెబుతాను. సంభాషణలో పిలుపుగా వస్తే బావను బావగానే ఉంచండి. కథ నాలుగు పుటలు నడిచేసరికి చదువరికి వరస అందుతుంది. కథనంలో సంబంధం తెలియడం ముఖ్యమైతే దారి చెప్పేయండి: తండ్రి సోదరి కొడుకు, అక్క భర్త, ఇలా. ఏ దారో కథలోనే లేకపోతే మీరు కల్పించకండి. ఆ ఊరి వాడుకా చూసుకోండి. చెల్లెలి మొగుణ్ణి మర్యాదకు బావగారు అనే ఇళ్లు ఎన్నో ఉన్నాయి, వియ్యంకులు ఒకరినొకరు బావగారు అనుకునే ఊళ్లూ ఉన్నాయి. ఆ చోట్ల పెద్ద అన్న ఘటకం మర్యాదకు తలవంచింది. కజిన్ అని రాసినా నేను కొట్టివేయను, పాత్ర కథలో రెండు వాక్యాలకు మించి కనబడనప్పుడు.

‘కజిన్ బ్రదర్’ అని మాత్రం రాయకండి. అది ఇంగ్లీషూ కాదు, తెలుగూ కాదు. ఈమధ్య మన పిల్లలు తెలుగులో మాట్లాడుతూ కూడా ‘మా కజిన్ వచ్చాడు’ అంటున్నారు. వచ్చినవాడు అన్నో, బావో విన్నవాడికి తెలియదు. ఇంట్లో ఉన్న మాటను వదిలి, తక్కువ చెప్పే మాటను అరువు తెచ్చుకోవడం దేనికి?

వదిన, మరదలు, మరిది మాటలకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. భర్త తమ్ముడు మరిది, భార్య తమ్ముడు బావమరిది అన్న తేడా మీ తర్జుమాలో చెదరకుండా చూసుకుంటే చాలు.