నాన్నగారి పాత ఫోను, వాట్సాప్ బ్యాకప్: డ్రైవ్‌లో కనిపిస్తే సరిపోదు

ప్రశ్న: మా తాతగారు వాడిన ఆండ్రాయిడ్ ఫోను నాలుగు నెలలుగా బీరువాలో ఉంది. ఆయన వాట్సాప్ బ్యాకప్ గూగుల్ డ్రైవ్‌లో ఇప్పటికీ కనిపిస్తోంది. వాడకుండా వదిలేస్తే అది పోతుందని విన్నాను. నిజమేనా? పోకుండా ఏం చేయాలి?

జవాబు:

నిజమే, పోతుంది. మీకు మిగిలింది కొద్ది వారాలే అయి ఉండవచ్చు కాబట్టి ఈ ఆదివారమే ఆ ఫోను బీరువాలోంచి తీయండి. మాకు పదహారు రోజుల గడువు ఉండగా ఈ సంగతి తెలిసింది. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

మా నాన్నగారికి చిత్తూరు దగ్గర తోతాపురి మామిడి తోట ఉండేది. అమ్మ, నేను, తమ్ముడు తిరుపతిలో ఉంటాం. కాయ కోతకొచ్చే రోజుల్లో ఆయన తోటలోనే ఉండిపోయి, ఏం చెప్పాలన్నా వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపేవారు. ‘గుజ్జు ఫ్యాక్టరీ దగ్గర ట్రాక్టర్ల వరుస కదలడం లేదు, రాత్రికి రాలేను, అన్నం మూత పెట్టి పడుకోండి’ అని పదకొండు సెకన్ల సందేశం ఒకటి ఉంది. అలాంటివి వందల కొద్దీ ఉన్నాయి. ఆ జూన్ చివర్లో ఆయన పోయారు. 30వ తేదీన ఫోను ఆపేసి అమ్మ బీరువాలో పెట్టింది. బ్యాకప్ డ్రైవ్‌లో భద్రంగా ఉందిలే అని అందరం అనుకున్నాం.

నవంబరు 2న ఎందుకో నాన్నగారి గూగుల్ ఖాతాతో డ్రైవ్ తెరిచి, మెనూలో Backups నొక్కాను. వాట్సాప్ బ్యాకప్ ఉంది. దాని పక్కన ఉన్న తేదీ జూన్ 18. ఆయన 18 తర్వాత కూడా వారం పైగా ఫోను వాడారు కదా, ఆ రోజుల సందేశాలు ఏమయ్యాయి? కాసేపటికి అర్థమైంది. ఆయన ఫోనులో బ్యాకప్ వై-ఫై ఉన్నప్పుడే జరిగేలా పెట్టి ఉంది. తోటలో వై-ఫై లేదు. చివరిసారి తిరుపతి ఇంటికి వచ్చి పడుకున్న రాత్రే ఆఖరి బ్యాకప్ జరిగింది. అంటే ఆయన చివరి రోజుల మాటలు డ్రైవ్‌లో లేనే లేవు, బీరువాలోని ఫోనులో మాత్రమే ఉన్నాయి. మీరు కూడా మొదట చూడాల్సింది ఆ తేదీనే.

ఇక గడువు సంగతి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ గూగుల్ ఖాతాలో ఉంటుంది. అది మనం దాచుకున్న ఫొటో, ఉత్తరం వంటి ఫైలు కాదు. డ్రైవ్‌లో దాన్ని తెరవలేం, దించుకోలేం. అది ఒక ఫోనుకు నకలు మాత్రమే. అసలు ఫోను అప్పుడప్పుడూ వచ్చి నకలును తాజా చేస్తూ ఉంటేనే దానికి హక్కుదారు ఉన్నట్టు. ఎంతకాలమైనా తాజా కాకపోతే, వదిలేసిన ఫోనుదిగా భావించి తీసేస్తారు. 2018 నవంబరు నుంచి ఈ గడువు ఏడాదిగా ఉండేది. తర్వాత తగ్గింది, ఇప్పుడు ఐదు నెలలకు మించి తాజా కాని బ్యాకప్ పోతుంది. గడువు లెక్క ఫోను ఆపిన రోజు నుంచి కాదు, ఆఖరి బ్యాకప్ తేదీ నుంచి. జూన్ 18కి ఐదు నెలలు కలిపితే నవంబరు 18. మా పదహారు రోజులు అలా వచ్చాయి.

ఇక్కడే చాలామంది పొరపడతారు. డ్రైవ్‌లోకి వెళ్లి బ్యాకప్ ఉందో లేదో చూసుకున్నంత మాత్రాన గడువు పెరగదు. ఆ ఖాతాతో మెయిల్ చదువుకున్నా పెరగదు. మెయిల్ చదివితే గూగుల్ ఖాతా నిలుస్తుంది, ఎందుకంటే రెండేళ్లు ఏ కదలికా లేని ఖాతాలను తొలగించే నియమం వేరే ఉంది. వాట్సాప్ బ్యాకప్‌కు మాత్రం కొత్త బ్యాకప్ ఒక్కటే ఊపిరి. అది కూడా ఆ నంబరుతో, ఆ ఖాతాలోకే వెళ్లాలి.

బ్యాకప్ కంటే ముందే తీరిపోయే గడువులు మరో రెండున్నాయి. వాట్సాప్ ఖాతా సుమారు 120 రోజులు కదలిక లేకపోతే తొలగిపోతుంది. మా లెక్కలో అది అక్టోబరు 28కే దాటింది. రెండోది సిమ్. ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే కంపెనీ దాన్ని ఆపేయవచ్చు, ఆ తర్వాత వేరొకరికి ఇచ్చేయవచ్చు. నంబరు పోతే ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే బ్యాకప్ ఉన్నా తెరుచుకోదు. బ్యాంకు పనులకు కావాలని తమ్ముడు ఆ సిమ్‌ను అమ్మ చిన్న ఫోనులో వేసి రీఛార్జి చేస్తూ వచ్చాడు. మమ్మల్ని కాపాడింది నిజానికి అదే. మీ తాతగారి సిమ్ పనిచేస్తోందో లేదో ఇప్పుడే ఆ నంబరుకు ఫోను చేసి చూడండి.

వాట్సాప్ ఖాతా తొలగిపోయిందని విని గుండె జారనక్కరలేదు. ఫోనులో ఉన్న సంభాషణలు ఆ ఫోనులోనే ఉంటాయి. అదే ఫోనులో అదే నంబరుతో మళ్లీ నమోదైతే అవి తిరిగి కనిపిస్తాయి. ఒక్క షరతు, మధ్యలో వాట్సాప్‌ను ఫోను నుంచి తొలగించకూడదు. యాప్ తెరుచుకోకపోతే తీసేసి మళ్లీ వేసుకోమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి.

మేము చేసింది ఇది. ముందు ఫోనును గంటసేపు ఛార్జింగ్‌లో పెట్టి ఆన్ చేశాం. బ్యాటరీ పూర్తిగా అయిపోయి ఉండటంతో తేదీ తప్పు చూపింది. తేదీ తప్పుగా ఉంటే వాట్సాప్ ముందుకు కదలదు కాబట్టి దాన్ని సరిచేశాం. తర్వాత, వాట్సాప్‌ను ముట్టుకోకముందే, ఫోనును కేబులుతో కంప్యూటర్‌కు కలిపి ఈ ఫోల్డరును మొత్తంగా కాపీ చేశాం:

```
Android/media/com.whatsapp/WhatsApp
```

ఈ ఒక్క మెట్టూ ఎవరూ దాటవేయవద్దు. ఇందులోని Databases ఫోల్డరులో ఫోను తనకు తానుగా రాసుకున్న ఇటీవలి బ్యాకప్‌లు ఉంటాయి. అవి తాళం వేసినవి, నేరుగా చదవలేం. కానీ Media ఫోల్డరులో ఉండే WhatsApp Voice Notes అలా కాదు. అందులోని రికార్డులు PTT-20240618-WA0003.opus లాంటి పేర్లతో మామూలు ఫైళ్లుగానే ఉంటాయి, కంప్యూటర్‌లో వీఎల్‌సీ వంటి ప్లేయరుతో వినవచ్చు. పేరులో తేదీ ఉంటుంది, ఎవరికి పంపారో ఉండదు. ఆ రోజు ట్రాక్టర్ల వరుస సందేశం కంప్యూటర్ స్పీకర్లలో వినిపించగానే వంటింట్లోంచి అమ్మ వచ్చి నిలబడింది. డ్రైవ్‌లోని బ్యాకప్ ఏమైనా సరే, నాన్నగారి గొంతు ఇక పోదని అప్పుడు నిశ్చింత కలిగింది.

తర్వాత ప్లే స్టోర్ నుంచి వాట్సాప్‌ను అప్‌డేట్ చేశాం. నెలల తరబడి అప్‌డేట్ చేయని యాప్ పనిచేయదు. మీ ఫోను మరీ పాతదైతే ఇక్కడే చిక్కు రావచ్చు, ఎందుకంటే ఆండ్రాయిడ్ 5.0 కంటే పాతవాటిలో ఇప్పుడు వాట్సాప్ నడవదు. అప్పుడు పైన చెప్పిన కాపీయే మీకు ఆధారం. అప్‌డేట్ అయ్యాక నంబరు అడిగింది, అమ్మ ఫోనుకు వచ్చిన ఓటీపీ వేశాం. ఆ తర్వాత, నాన్నగారు వాట్సాప్‌లో అదనపు రక్షణ కోసం పెట్టుకున్న ఆరంకెల పిన్ అడిగింది. అది నాన్నగారి తోట లెక్కల డైరీ చివరి పేజీలో దొరికింది. ఆ పిన్ తెలియకపోతే, దాన్ని మార్చుకునేందుకు ఈమెయిల్ కూడా ఇచ్చి ఉండకపోతే, ఏడు రోజులు ఆగాలి. గడువు చివరి రోజు దాకా వేచి ఉండవద్దని చెప్పేది ఇందుకే. పిన్ వేయగానే సంభాషణలన్నీ కనిపించాయి, జూన్ 26 నాటివి కూడా. గ్రూపుల నుంచి ఆయన పేరు తొలగిపోయింది కానీ పాత మాటలు అలాగే ఉన్నాయి.

అప్పుడు Settings, Chats, Chat backup లోకి వెళ్లి, కింద చూపిస్తున్న గూగుల్ ఖాతా ఆయనదేనని సరిచూసుకుని Back up నొక్కాం. సగంలో ఆగిపోయింది. ఆయన ఖాతాలో ఉచితంగా వచ్చే 15 జీబీ దాదాపు నిండిపోయింది. వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు ఆ 15 జీబీలోకే లెక్క. Include videos అన్నది తీసేసి మళ్లీ నొక్కితే పూర్తయింది. డ్రైవ్‌లో తేదీ మారిందని కళ్లతో చూసుకున్నాకే ఫోను పక్కన పెట్టాం. మీరూ తేదీ చూసేదాకా పని అయిందనుకోవద్దు.

ఇంకో ప్రమాదం ఉంది, గడువు కంటే పెద్దది. ఆయన నంబరును కొత్త ఫోనులో వేసి, పాత బ్యాకప్‌ను తిరిగి తెచ్చుకోమని అడిగినప్పుడు Skip నొక్కితే, తర్వాతి బ్యాకప్ ఖాళీ సంభాషణలతో పాతదాని మీద కూర్చుంటుంది. మునుపటిది ఇక దొరకదు. మా అత్తయ్యకు అలాగే జరిగింది. కొత్త ఫోను కొన్నచోట కుర్రవాడు తొందరగా ముగించాలని దాటవేశాడు. ఆ రాత్రే బ్యాకప్ జరిగింది, ఆరేళ్ల సంభాషణలు పోయాయి. కాబట్టి మీ తాతగారి నంబరును పాత ఫోనులో తప్ప వేరే ఎక్కడా నమోదు చేయకండి.

ఇప్పుడు మేము నెలకోసారి ఆ ఫోను తీస్తున్నాం. అమ్మ ప్రతి పౌర్ణమికి తిరుమలలో గరుడ సేవకు వెళ్తుంది లేదా ఇంట్లో టీవీలో చూస్తుంది, ఆ రోజు మరచిపోదు కాబట్టి అదే గుర్తు. ఆ సాయంత్రం ఫోను ఆన్ చేసి, వై-ఫై కలిపి, వాట్సాప్ తెరిచి, Back up చేత్తో నొక్కుతాం. దానంతట అదే జరుగుతుందని వదిలేయం. ఫోను ఆపి ఉంటే రాత్రి పూట జరిగేది ఏమీ ఉండదు, పైగా చాలాకాలం తెరవని యాప్‌ల అనుమతులను ఆండ్రాయిడ్ 11 నుంచి ఫోను తనంతట తానే తీసేస్తుంది. యాప్ వివరాల్లో వాడని యాప్‌ను ఆపే సదుపాయం కనిపిస్తుంది, వాట్సాప్‌కు దాన్ని ఆపివేయండి. మళ్లీ బీరువాలో పెట్టేటప్పుడు ఛార్జి సగం దగ్గర ఉండేలా చూడండి. పూర్తిగా ఖాళీ చేసి పెడితే బ్యాటరీ చెడిపోతుంది.

మీ తాతగారు బ్యాకప్‌కు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకుని ఉంటే దాని పాస్‌వర్డ్ కూడా వెతకండి. అది లేకుండా కంపెనీవాళ్లు కూడా ఆ బ్యాకప్‌ను తెరవలేరు. పాత ఫోను పనిచేస్తుండగానే Chat backup లోకి వెళ్లి కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చేమో చూడండి. డ్రైవ్‌లో ఆఖరి తేదీ ఎంత చూపుతోందో, ఆ సిమ్‌కు రింగు వెళుతోందో లేదో ఇక్కడ రాస్తే, మీకు ఎన్ని రోజులున్నాయో కలిసి లెక్కేద్దాం.