క్యాప్షన్‌లో 50 కార్డులు, నెత్తిన పర్సనల్ లోన్

ప్రశ్న: మాది చిన్న ప్రింటింగ్ ప్రెస్. పెళ్లి కార్డుల డిజైన్ల ఫోటోల కింద ‘శాంపిళ్లు ఉచితం, 3 రోజుల్లో డెలివరీ, 50 కార్డులైనా వేస్తాం’ అని క్యాప్షన్ పెడదామనుకుంటున్నాను. పేపర్, కవర్ల స్టాక్ కోసం పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

జవాబు: వద్దండీ. ముందు ఆ 50 సంగతి చూద్దాం. ఆఫ్‌సెట్‌లో 4 రంగుల కార్డుకి 4 ప్లేట్లు చేయించాలి. రంగులు సరిగ్గా కుదిరేదాకా షీట్లు వేస్టవుతాయి. మీరు 50 వేసినా 500 వేసినా ఈ ఖర్చు తప్పదు. అది 200 కార్డుల పేపర్, ఇంకు ఖర్చుకి సమానం అనుకుందాం. 500 కార్డుల ఆర్డర్ మీకు 700 కార్డుల ఖర్చుతో తేలిపోతుంది. అదే 50 కార్డులకి 250 కార్డుల ఖర్చు పడుతుంది, అంటే ఒక్కో కార్డుకి దాని పేపర్, ఇంకు ఖర్చుకి 5 రెట్లు. రేటు మాత్రం రెండింటికీ ఒకటే పెడతారు! ఆ తేడాని వడ్డీకి తెచ్చిన డబ్బుతో పూడుస్తానంటే నేనెలా సరేననను?

3 రోజులు ఎప్పటి నుంచి? ఆర్డర్ ఇచ్చిన రోజు నుంచి అయితే, కస్టమర్ ప్రూఫ్‌ని ఇంట్లో నలుగురికీ చూపించేసరికే అవి అయిపోతాయి. ఇక మిగిలింది మీ టెన్షన్. ఇంకు ఆరకముందే కటింగ్‌కి పెడితే పై షీటు వెనక మరకలు పడతాయి. తొందరలో పేరులో ఒక అక్షరం తప్పు పోతే మొత్తం మళ్లీ వేయాలి, అదీ మీ డబ్బుతోనే.

అందుకే నేను ఎవరికైనా మొదట చెప్పేది అత్యవసర నిధి గురించే. ప్రెస్‌కి 3 నెలల అద్దె, జీతాలు, కరెంటు బిల్లు, వీటితోపాటు మీ అతి పెద్ద ఆర్డర్‌ని ఒకసారి పూర్తిగా రీప్రింట్ చేయడానికి అయ్యే ఖర్చు, విడిగా ఒక ఖాతాలో ఉండాలి. ఇంటి ఖర్చుల ఖాతాలో కలపకండి. పెళ్లిళ్ల సీజన్ అయిపోయాక ఆర్డర్లు తగ్గుతాయి, ఈఎంఐ తగ్గదు. ఈ నిధి లేకుండా స్టాక్ కోసం అప్పు చేసినవాళ్లు మొదటి రీప్రింట్‌కే రెండో అప్పుకి పరిగెత్తడం నేను చాలాసార్లు చూశాను.

స్టాక్ కావాలంటే సరఫరాదారుని కొన్నాళ్ల గడువు అడగండి, అంతే. ఫోటోల్లో కూడా మీ దగ్గర పేపర్ ఉన్న డిజైన్లే పెట్టండి, 6 చాలు. ఇలా రాసి చూడండి:

‘శాంపిల్ కార్డుకి ఛార్జీ ఉంటుంది, ఆర్డర్ ఇస్తే బిల్లులో తగ్గిస్తాం. కనీసం 200 కార్డులు. అంతకంటే తక్కువైతే డిజిటల్ ప్రింట్, రేటు వేరు. ప్రూఫ్ ఓకే చేసి, సగం అడ్వాన్స్ కట్టిన రోజు నుంచి 7 పనిదినాలు, ఫాయిల్ ఉంటే 10. ఓకే చేశాక తప్పు కనిపిస్తే రీప్రింట్ ఖర్చు కస్టమర్‌దే.’

ఆ అడ్వాన్స్‌తోనే ఆ ఆర్డర్‌కి పేపర్ కొనుక్కోవచ్చు.