ఐపీఓలో వచ్చిన షేరు వేరు, మార్కెట్లో కొన్న షేరు వేరు

ప్రశ్న: బెంగళూరు కె.ఆర్. పురంలో ఉంటాను. ఒక ఆటో విడిభాగాల కంపెనీ ఐపీఓలో రూ.240 చొప్పున ఒక లాట్, 60 షేర్లు వచ్చాయి. లిస్టయ్యాక ఊపు చూసి రూ.300 దగ్గర ఇంకో 400 కొన్నాను. తీరా వాళ్ల పెద్ద కస్టమర్ ఐపీఓకు ముందే కాంట్రాక్ట్ రద్దు నోటీసు ఇచ్చేశాడని బయటపడింది. ఇప్పుడు షేరు రూ.130. ప్రమోటర్ మొన్ననే డైరెక్టర్‌గా రాజీనామా చేశాడు. నా నష్టం అతని దగ్గర రాబట్టుకోవచ్చా?

జవాబు: మీ డీమ్యాట్‌లో ఒకే వరుసలో కనిపిస్తున్న ఆ 460 షేర్లను ముందు రెండు కుప్పలు చేద్దాం. ఐపీఓలో వచ్చిన 60 మీద షేరుకు 110 చొప్పున పోయింది రూ.6,600. మార్కెట్లో కొన్న 400 మీద షేరుకు 170 చొప్పున పోయింది రూ.68,000. చిన్న కుప్పకు చట్టం గట్టి అండ ఇస్తుంది. పెద్ద కుప్పకు దాదాపు ఇవ్వదు. మీకు నచ్చని మాటే, కానీ లాయర్ ఫీజు కట్టాక తెలియడం కంటే ఇప్పుడే తెలియడం నయం.

కారణం ఒక్క పదంలో ఉంది. కంపెనీల చట్టం 2013లోని 35వ సెక్షన్ నష్టపరిహారం ఇచ్చేది ప్రాస్పెక్టస్‌లోని, అంటే ఐపీఓ కోసం కంపెనీ తన వివరాలతో వేసే పత్రంలోని తప్పుదారి పట్టించే మాటను నమ్మి షేర్లకు ‘సబ్‌స్క్రైబ్’ చేసి నష్టపోయినవారికి. అంటే యూపీఐలో డబ్బు బ్లాక్ చేసి, దరఖాస్తు పెట్టి, అలాట్‌మెంట్ పొందినవారికి. లిస్టయ్యాక మీరు కొన్న 400 షేర్లు ఎవరో ఒక అమ్మకందారు దగ్గర కొన్నవి, కంపెనీ మీకు ఇచ్చినవి కావు. ఈ గీత చాలా పాతది. లండన్‌లో ఓవరెండ్ గర్నీ అనే కంపెనీ 1865లో ప్రాస్పెక్టస్ వేసి, మరుసటి ఏడాదే కుప్పకూలింది. పీక్ అనే ఆయన ఆ షేర్లను మార్కెట్లో కొని, ప్రాస్పెక్టస్‌లో అబద్ధాలున్నాయని దావా వేశాడు. అబద్ధం నిజమే అయినా, ఆ కాగితం షేర్లకు దరఖాస్తు చేసేవారి కోసం రాసిందే తప్ప తర్వాత మార్కెట్లో కొనేవారి కోసం కాదని 1873లో హౌస్ ఆఫ్ లార్డ్స్ అతన్ని వెనక్కి పంపింది. మన సెక్షన్‌లోని మాటా అటువైపే మొగ్గుతుంది.

ఇక అసలు తప్పు జరిగిందా లేదా అన్నది తేదీల మీద తేలాలి. మీరు పంపిన కాగితాల్లో కంపెనీ స్టాక్ ఎక్స్ఛేంజ్‌కి రాసిన లేఖలో ‘జనవరి 12 నాటి నోటీసు ప్రకారం’ ఒప్పందం ముగిసిందని ఉంది. ఇష్యూ తెరవకముందు వేసే రెడ్ హెర్రింగ్ ప్రాస్పెక్టస్ మొదటి పేజీ మీద తేదీ ఫిబ్రవరి 3. అంటే ఆ కాగితం మీద సంతకాలు పడేనాటికి నోటీసు చేతిలో ఉండి మూడు వారాలు. అదే నోటీసు అలాట్‌మెంట్ తర్వాత వచ్చి ఉంటే అది వ్యాపారంలో వచ్చిన దెబ్బ, ప్రాస్పెక్టస్ అబద్ధం కాదు. మధ్యలో, అంటే ఇష్యూ తెరిచి ఉన్న రోజుల్లో వచ్చి ఉంటే పత్రికల్లో సవరణ ప్రకటన వేయాల్సింది.

ఇప్పుడు అదే ప్రాస్పెక్టస్‌లో ‘రిస్క్ ఫ్యాక్టర్స్’ దగ్గర చూడండి: ‘మా ప్రధాన కస్టమర్ ఒప్పందాన్ని రద్దు చేసుకుంటే మా ఆదాయం దెబ్బతినవచ్చు’. ముందే హెచ్చరించాం కదా అని కంపెనీ లాయర్ చూపించేది ఈ వాక్యాన్నే. నా దృష్టిలో వాళ్లను పట్టిచ్చేదీ ఇదే. ఇల్లు అంటుకున్నాక ‘అంటుకోవచ్చు’ అని బోర్డు పెడితే అది హెచ్చరిక కాదు. వాక్యం నిజమైనా చెప్పకుండా వదిలేసిన ముక్క వల్ల మొత్తం తప్పుదారి పట్టిస్తే అది తప్పుడు ప్రకటనే. మన చట్టం ‘చేర్చడం’తో పాటు ‘వదిలేయడం’ అని కూడా స్పష్టంగా రాసింది. రాయల్ మెయిల్ స్టీమ్ ప్యాకెట్ అనే ఓడల కంపెనీ 1928 ప్రాస్పెక్టస్‌లో గత ఏళ్లలో డివిడెండ్ ఇచ్చామని నిజమే రాసింది. అది లాభాల్లోంచి కాదు, పాత నిల్వల్లోంచి అని మాత్రం రాయలేదు. చైర్మన్ లార్డ్ కిల్‌సంట్ 1931లో పన్నెండు నెలల జైలుకు వెళ్లాడు.

రాజీనామా సంగతి. దాని గురించి నిద్ర పాడుచేసుకోకండి. 35వ సెక్షన్ బాధ్యుల్లో కంపెనీ, ఇష్యూ నాటి డైరెక్టర్లతో పాటు ప్రమోటర్‌ని విడిగా పేర్కొంది. ప్రమోటర్ అంటే డైరెక్టర్ కుర్చీలో ఉన్నవాడనే కాదు. ప్రాస్పెక్టస్‌లో ఆ పేరుతో ఉన్నవాడు, కంపెనీ పగ్గాలు పట్టుకున్నవాడు, బోర్డు ఎవరి మాట మీద నడుస్తుందో వాడు, అందరూ ప్రమోటర్లే. ఆడిటర్ లాంటివాళ్లు కేవలం వృత్తిరీత్యా ఇచ్చే సలహా ఇందులోకి రాదు. తప్పించుకునే దారులు కొన్నే. డైరెక్టర్‌గా ఉండటానికి ఇచ్చిన సమ్మతిని ఇష్యూకు ముందే వెనక్కి తీసుకున్నానని, తన అనుమతి లేకుండానే వేశారని నిరూపించాలి. లేదా తనకు తెలియకుండా వెళ్లిందని, తెలిసిన వెంటనే బహిరంగ ప్రకటన ఇచ్చానని చూపించాలి. నిపుణుడి మాట నమ్మానన్న వాదన ఒకటి ఉంది గానీ, తన ఆఫీసుకే వచ్చిన నోటీసుకు నిపుణుడు దేనికి? మోసం చేసే ఉద్దేశంతోనే వేశారని తేలితే బాధ్యతకు పరిమితి ఉండదు, సొంత ఆస్తి నుంచే కట్టాలి.

34వ సెక్షన్ కింద ఇదే పని నేరం కూడా. శిక్ష 447వ సెక్షన్ ప్రకారం పడుతుంది, జైలు పదేళ్ల దాకా ఉండొచ్చు. 36వ సెక్షన్ తెలిసి, లేదా నిర్లక్ష్యంగా అబద్ధం చెప్పి షేర్లు కొనిపించడాన్ని నేరం చేస్తుంది, కనుక మీ పెద్ద కుప్ప కథ కూడా అక్కడ వినిపించవచ్చు. కానీ ఆ ప్రాసిక్యూషన్ ప్రభుత్వ సంస్థల చేతిలో ఉంటుంది, దానివల్ల మీ రూ.68,000 ఇంటికి రాదు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, రెండు తేదీల పేజీలు జతచేసి. ఖర్చు లేదు. ఫలితం త్వరగా వస్తుందని మాత్రం అనుకోకండి. రియల్ ఎస్టేట్ కంపెనీ డీఎల్ఎఫ్ 2007 ఐపీఓలో కొన్ని వివరాలు దాచారంటూ సెబీ ప్రమోటర్లను నిషేధిస్తూ ఆదేశమిచ్చింది 2014లో. 2015లో అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసింది.

రూ.6,600 కోసం ఒంటరిగా కోర్టుకెక్కితే లాయర్ మొదటి సిట్టింగ్‌కే ఆ డబ్బు చెల్లు. 37వ సెక్షన్ నష్టపోయినవాళ్లు కలిసి దావా వేయడానికి వీలిచ్చింది. అలాట్‌మెంట్ పొందినవాళ్లు వంద మంది దాకా కూడితే మాట్లాడుకోవచ్చు. అందాకా యూపీఐ మ్యాండేట్ మెసేజ్, అలాట్‌మెంట్ ఈమెయిల్, ప్రాస్పెక్టస్ పీడీఎఫ్ దాచిపెట్టండి.

షేర్లు అమ్మితే హక్కు పోతుందన్న భయంతో పట్టుకుని కూర్చోవద్దు. కంపెనీలో మీకిప్పుడు నమ్మకం లేకపోతే అమ్మండి. ఒక మెలిక గమనించండి: డీమ్యాట్‌లో ముందు వచ్చిన షేరే ముందు అమ్మినట్టు పన్ను లెక్క. 400 అమ్మితే ఐపీఓ 60, మార్కెట్ 340 పోయినట్టు. ఇప్పటి ధరకు నష్టం రూ.6,600తో పాటు రూ.57,800, మొత్తం రూ.64,400. ఏడాది లోపే అమ్మితే అది స్వల్పకాలిక నష్టం. వేరే షేర్ల లాభాల్లో సర్దుకోవచ్చు, మిగిలింది ఎనిమిదేళ్లు ముందుకు తీసుకెళ్లవచ్చు. రిటర్న్ గడువులోగా వేస్తేనే.