యూనిట్లు మీవే, ఆపమన్న కాగితం ఏది?

ప్రశ్న: అయ్యా, మాది రాయగడ. బట్టల దుకాణం ఉంది. మా బావమరిది వరసయ్యే అబ్బాయి మ్యూచువల్ ఫండ్ ఏజెంటు. అతని మాట కాదనలేక 2024 ఆగస్టులో నెలకు 3,000 రూపాయల సిప్ మొదలుపెట్టాను. పద్నాలుగు వాయిదాలు కట్టాను. నా భార్య ఆపరేషనుతో చేతిలో డబ్బు లేక, సెప్టెంబరులో అతనికి ఫోను చేసి ఆపించమన్నాను. ఆపలేదు. 2025 అక్టోబరు, నవంబరు వాయిదాలకు ఖాతాలో డబ్బు లేదని బ్యాంకు 590 చొప్పున కోసింది. అడిగితే ‘మధ్యలో మానేస్తే పెనాల్టీ పడుతుంది, యూనిట్లు పోతాయి, చెక్కు బౌన్సు లాంటి కేసు కూడా అవుతుంది’ అంటున్నాడు. సొంతవాడే ఇలా అంటే ఎంత బాధ! బ్యాంకు ఖాతా మూసేస్తే పీడ వదులుతుందా?

జవాబు: మీ బావమరిది మంచివాడా, కాడా అన్నదానితో ఈ వ్యవహారం తేలదు. సిప్ ఆపమన్న మీ మాట రాతపూర్వకంగా ఏ తేదీన ఫండ్ సంస్థకు చేరిందన్నదే ప్రశ్న. మీరు రాసినదాన్ని బట్టి అది ఇప్పటికీ చేరలేదు. పద్నాలుగు నెలలు డబ్బు కట్టినవారు ఆపేటప్పుడు ఒక్క కాగితం రాయకుండా ఫోనులో చెప్పి ఊరుకోవడం నిర్లక్ష్యం. రేపు వినియోగదారుల కమిషన్ ముందు ‘చెప్పాను’ అని మీరు, ‘చెప్పలేదు’ అని అతను అంటే ఆ రెండు మాటల మధ్య నిలబడే రుజువు ఏదీ లేదు.

ముందు కేసు భయం సంగతి. ఖాతాలో డబ్బు లేక ఎలక్ట్రానిక్ చెల్లింపు తిరిగిపోతే శిక్ష ఉన్నమాట నిజమే. 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ ప్రకారం రెండేళ్ల వరకు జైలు పడవచ్చు. అయితే ఆ చెల్లింపు అప్పు గానీ, తీర్చవలసిన మరో బాధ్యత గానీ తీర్చడానికి ఉద్దేశించినదై ఉండాలని అదే సెక్షన్ షరతు పెట్టింది. బ్యాంకు రుణం కిస్తీ తప్పితే ఈ సెక్షన్ వర్తిస్తుంది. సిప్ అలాంటిది కాదు. మీరు ఫండ్‌కు ఏమీ బాకీ లేరు. ప్రతి నెలా కొత్తగా యూనిట్లు కొంటానన్నారు, ఇప్పుడు కొనడం మానుకుంటున్నారు. కాబట్టి ఆ బెదిరింపుకు పునాది లేదు.

మధ్యలో మానేసినందుకు ఫండ్ సంస్థ పెనాల్టీ వేయదు. మీకు పడిన 590 బ్యాంకు తీసుకున్న రిటర్న్ ఛార్జి. 500 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ 90. నెలవారీ సిప్ వరుసగా మూడుసార్లు తప్పితే ఫండ్ సంస్థే దాన్ని రద్దు చేస్తుంది. ‘మరి డిసెంబరు 5న పడే వాయిదా కూడా తప్పనిస్తే దానంతట అదే పోతుంది కదా’ అనుకోకండి. ఆ మూడోసారికి బ్యాంకు మరో 590 కోస్తుంది. ఉచితంగా ఆపే దారి ఉండగా ఆ డబ్బు ఎందుకు పోగొట్టుకోవాలి?

ఖాతా మూసే ఆలోచన మాత్రం వెంటనే మానుకోండి. యూనిట్లు అమ్మిన డబ్బు, ఫండ్ సంస్థ దగ్గర మీ పేరున ఉన్న లెక్క అయిన ఫోలియోలో నమోదైన బ్యాంకు ఖాతాకే వస్తుంది. అది మూసేస్తే, ఆసుపత్రికి డబ్బు కావలసిన రోజున మీరు కొత్త ఖాతా నమోదు చేయించడానికి పాత ఖాతా రుజువు కోసం, రద్దు చేసిన చెక్కు కోసం తిరుగుతూ ఉంటారు. వాయిదా తప్పించుకోబోయి సొంత సొమ్ముకు తలుపు మూసుకున్నట్టు అవుతుంది. బ్యాంకుకు వెళ్లి, నెలనెలా డబ్బు తీసుకోవడానికి మీరిచ్చిన అనుమతి, అంటే మాండేటు ఒక్కటి రద్దు చేసినా పని సగమే అవుతుంది. ఫండ్ సంస్థ రికార్డులో సిప్ బతికే ఉంటుంది.

ఇప్పుడు యూనిట్లు. పద్నాలుగు వాయిదాల్లో మీరు పెట్టిన 42,000కు వచ్చిన యూనిట్లు మీ ఆస్తి. సిప్ ఆగినా అవి ఫోలియోలోనే ఉంటాయి, మార్కెట్‌ను బట్టి వాటి విలువ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. సిప్ ఆపినంత మాత్రాన వాటిని అమ్మాల్సిన పని లేదు. అమ్మితేనే ఎగ్జిట్ లోడ్ ప్రశ్న వస్తుంది. చాలా ఈక్విటీ పథకాల్లో కొన్న ఏడాదిలోపు అమ్మితే 1 శాతం కోస్తారు. మీ పథకంలో ఎంతో స్టేట్‌మెంటులో చూడండి.

ఏజెంట్లు సాధారణంగా చెప్పని విషయం ఒకటుంది. ఆ ఏడాదిని సిప్ మొదలైన రోజు నుంచి లెక్కించరు, ఒక్కో వాయిదాకు విడిగా లెక్కిస్తారు. నవంబరు చివర్లో మీరు అమ్మితే 2024 ఆగస్టు నుంచి నవంబరు వరకు కొన్న నాలుగు వాయిదాల యూనిట్లకు ఏడాది నిండింది కనుక కోత లేదు. మిగిలిన పదింటికి ఉంటుంది. ఆ పదింటి విలువ 31,000 అనుకుంటే కోత 310 రూపాయలు. అమ్మకంలో ముందు కొన్న యూనిట్లే ముందు పోతాయి కాబట్టి, పది వేలు మాత్రమే అవసరమైతే ఆ మేరకే అమ్మండి. ఆ నాలుగు వాయిదాల విలువ అంతకు తగ్గకపోతే లోడ్ ఏమీ పడదు. మీది పన్ను మినహాయింపు కోసం తీసుకున్న ఈఎల్ఎస్ఎస్ పథకమైతే ఈ దారి లేదు. అందులో ప్రతి వాయిదా మూడేళ్లు బందీ. మొదటిది 2027 ఆగస్టులో గానీ చేతికి రాదు.

ఇక చేయవలసింది. రద్దు అభ్యర్థన అందాక ఫండ్ సంస్థ రెండు పని దినాల్లో అమలు చేయాలి. డిసెంబరు 5 వాయిదా పడకుండా ఆగాలంటే నవంబరు 28 లోపే ఇచ్చేయండి. రాయగడ నుంచి ముంబైలోని ఫండ్ సంస్థకు పోస్టులో పంపితే ఆలోగా చేరుతుందన్న నమ్మకం లేదు. ఫండ్ సంస్థ వెబ్‌సైటులోనో, ఆ సంస్థ తరఫున మదుపరుల లెక్కలు చూసే రిజిస్ట్రార్ యాప్‌లోనో రద్దు చేస్తే తేదీ, సమయంతో రిఫరెన్సు సంఖ్య వస్తుంది. దాన్ని అచ్చు తీసి దాచండి. ఫోను వ్యవహారం చేతకాకపోతే విశాఖపట్నంలో రిజిస్ట్రార్ల సేవా కేంద్రాలున్నాయి, రైల్లో వెళ్లి ఫారం ఇచ్చి ముద్ర వేసిన నకలు తెచ్చుకోండి. ఫారంలో ఫోలియో సంఖ్య, పథకం పేరు, 3,000 వాయిదా, 5వ తేదీ స్పష్టంగా రాయండి. ఒకే ఫోలియోలో రెండు సిప్‌లుంటే పొరపాటున వేరేది ఆగిపోవచ్చు. సంతకం ఫండ్ రికార్డులో ఉన్నట్టే ఉండాలి. సిప్ రద్దయినట్టు సందేశం వచ్చాకే బ్యాంకులో మాండేటు రద్దు చేయించండి.

పడిన 1,180 వెనక్కి వస్తుందా? బ్యాంకు తప్పు కనబడదు, ఖాతాలో డబ్బు లేదు. ఏజెంటుపై అడగాలంటే సెప్టెంబరులో మీరు వాట్సాప్‌లో ఒక్క వాక్యమైనా రాశారేమో వెతకండి. ఉంటే ఆ ఫోను మార్చకండి, సందేశం చెరపకండి. ఎలక్ట్రానిక్ రుజువుకు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. సందేశం తెలుగులో ఉంటే ఇంగ్లీషు అనువాదం జతచేయండి. వినియోగదారుల కమిషన్‌లో గడువు రెండేళ్లు. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, ముంబై వెళ్లనక్కరలేదు. సందేశం లేకపోతే ఆ 1,180 కోసం వ్యాజ్యం వద్దు. రద్దు అందాక కూడా డిసెంబరు వాయిదా లాగితే మాత్రం వదలకండి. ముందు ఫండ్ సంస్థకు రాయండి, పరిష్కారం కాకపోతే సెబీ వారి ఫిర్యాదుల వెబ్‌సైటు స్కోర్స్‌లో ఏడాదిలోపు ఫిర్యాదు చేయండి. ఆ ఫిర్యాదుకు మొదటి కాగితం మీ దగ్గరున్న రిఫరెన్సు సంఖ్య, రెండోది డిసెంబరు 5 నాటి వరుస కనిపించే పాసుబుక్కు పేజీ.